సరఫరాదారు రిటర్న్ దాఖలు చేయలేదు, నా ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోయింది: తరచుగా అడిగే ప్రశ్నలు

బిల్లులో చూపిన జీఎస్టీ మొత్తాన్ని నేను సరఫరాదారుకు చెల్లించాను. అయినా నా క్రెడిట్‌ను ఎందుకు తిరస్కరిస్తున్నారు?

సరఫరాదారుకు పన్ను చెల్లించినంత మాత్రాన, దాన్ని మీరు కట్టవలసిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ హక్కు పూర్తిగా ఏర్పడదని 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 16(2) చెబుతోంది. ఆ సెక్షన్ పెట్టిన షరతుల్లో కొన్ని కొనుగోలుదారు చేతిలో ఉన్నవే: సరైన ట్యాక్స్ ఇన్వాయిస్ ఉండాలి, సరుకు అందాలి, కొనుగోలుదారు తన రిటర్న్ తాను దాఖలు చేయాలి. రెండు షరతులు మాత్రం పూర్తిగా సరఫరాదారు చేతిలో ఉంటాయి. మొదటిది క్లాజు (ఏఏ): సరఫరాదారు ఆ ఇన్వాయిస్‌ను తన జీఎస్టీఆర్-1లో చూపాలి, ఆ వివరం కొనుగోలుదారు కోసం జీఎస్టీ పోర్టల్ నెలనెలా తయారుచేసే జీఎస్టీఆర్-2బి పట్టికలో చేరాలి. ఈ షరతు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. రెండవది క్లాజు (సి): ఆ సరఫరాపై పన్ను నిజంగా ప్రభుత్వ ఖజానాకు చేరి ఉండాలి. ఇది చట్టం మొదలైన నాటి నుంచీ ఉంది.

చిన్న వ్యాపారికి ఇది తాను చేయని తప్పుకు పడిన శిక్షలా అనిపించడం సహజం, ఆ భావనలో న్యాయం కూడా ఉంది. సరుకు కొనే రోజున, ఎదుటి వ్యాపారి వచ్చే నెల రిటర్న్ వేస్తాడో లేదో తెలుసుకునే మార్గం ఎవరికీ లేదు. కానీ ఈ షరతులు చట్టంలో ఉన్నంత కాలం, వాటి పరిధిలోనే డబ్బును కాపాడుకునే దారి వెతుక్కోవాలి.

సరఫరాదారు "రిటర్న్ వేయలేదు" అన్నప్పుడు ఏ రిటర్న్ గురించి మాట్లాడుతున్నాం?

ఈ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే, ఎందుకంటే జవాబును బట్టి మీ డబ్బు గతి మారిపోతుంది.

సరఫరాదారు నెలనెలా రెండు రిటర్నులు వేయాలి. జీఎస్టీఆర్-1లో ఎవరికి ఏ బిల్లు ఇచ్చాడో చూపుతాడు; దాని గడువు తరువాతి నెల 11వ తేదీ. జీఎస్టీఆర్-3బిలో మొత్తం పన్ను లెక్క చూపి, డబ్బు చెల్లిస్తాడు. దాని గడువు 20వ తేదీ. పన్ను చెల్లించకుండా 3బి దాఖలు చేయడం పోర్టల్‌లో సాధ్యం కాదు కనుక, 3బి దాఖలు కాలేదంటే ఆ నెల పన్ను కట్టలేదనే అర్థం.

సరఫరాదారు జీఎస్టీఆర్-1 వేసి 3బి వేయకపోతే, బిల్లు మీ 2బిలో కనిపిస్తుంది, మీరు క్రెడిట్ తీసుకుంటారు, తరువాత దాన్ని వెనక్కు ఇవ్వవలసి వస్తుంది. అతడు జీఎస్టీఆర్-1 కూడా వేయకపోతే, బిల్లు మీ 2బిలోకి రానే రాదు, కాబట్టి క్రెడిట్ తీసుకునే అవకాశమే ఉండదు. మొదటి రకంలో పోయిన డబ్బు తిరిగి వచ్చే మార్గాన్ని నియమమే ఇస్తోంది. రెండవ రకంలో ఒక తేదీ దాటిన తరువాత ఆ మార్గం మూసుకుపోతుంది.

ఈ రెండు రకాల తేడాను ఒక ఉదాహరణతో వివరించగలరా?

కరీంనగర్‌లో వైర్లు, స్విచ్‌లు అమ్మే ఒక చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉందనుకుందాం. ఆ దుకాణదారు నెలవారీ రిటర్నులు వేస్తాడు. హైదరాబాద్‌లోని ఒక టోకు వ్యాపారి దగ్గర 2024 అక్టోబర్ 8న 2,00,000 రూపాయల సరుకు కొని, 18 శాతం చొప్పున 36,000 రూపాయల జీఎస్టీ చెల్లించాడు. నవంబర్ 12న అదే వ్యాపారి దగ్గర మరో 1,50,000 రూపాయల సరుకు కొని 27,000 రూపాయల జీఎస్టీ చెల్లించాడు.

టోకు వ్యాపారి అక్టోబర్ జీఎస్టీఆర్-1ను గడువులోనే వేశాడు. అందువల్ల నవంబర్ 14న తయారైన దుకాణదారుని 2బిలో 36,000 రూపాయలు కనిపించాయి. అతడు నవంబర్ 20న తన 3బిలో ఆ క్రెడిట్ తీసుకుని వాడుకున్నాడు. అయితే టోకు వ్యాపారి తన అక్టోబర్ 3బి వేయలేదు. ముందు నెల 3బి వేయనివారికి తరువాతి నెల జీఎస్టీఆర్-1 వేసే వీలును రూల్ 59(6) అడ్డుకుంటుంది. దాంతో అతని నవంబర్ జీఎస్టీఆర్-1 ఆగిపోయింది, డిసెంబర్ 14 నాటి 2బిలో దుకాణదారుని 27,000 రూపాయలు కనిపించలేదు.

అంటే ఒకే వ్యాపారి చేసిన ఒకే ఎగవేత వల్ల దుకాణదారునికి రెండు రకాల చిక్కు వచ్చింది. 36,000 రూపాయలు, తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కు తిప్పమనే రూల్ 37ఏ కిందకు వస్తాయి, 27,000 రూపాయలు క్లాజు (ఏఏ) కిందకు వస్తాయి. రూల్ 59(6) కారణంగా, రిటర్నులు మానేసిన సరఫరాదారు విషయంలో సాధారణంగా మొదటి ఒక్క నెల బిల్లులే 37ఏ కిందకు వస్తాయి. ఆ తరువాతి నెలల బిల్లులన్నీ 2బిలోకే రావు. నష్టం ఎక్కువగా పేరుకునేది ఈ రెండవ చోటనే అయినా, వ్యాపారుల దృష్టి మాత్రం మొదటిదానిపైనే నిలుస్తోంది.

ఆ 36,000 రూపాయలను ఎప్పటిలోగా వెనక్కు ఇవ్వాలి?

2022 డిసెంబర్ 26న వచ్చిన రూల్ 37ఏ ప్రకారం, మీరు క్రెడిట్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే సెప్టెంబర్ 30 వరకు సరఫరాదారుకు సమయం ఉంటుంది. అప్పటికీ అతడు ఆ నెల 3బి వేయకపోతే, దాని తరువాత వచ్చే నవంబర్ 30లోగా మీరు దాఖలు చేసే 3బిలో ఆ మొత్తాన్ని వెనక్కు తిప్పాలి. మన ఉదాహరణలో క్రెడిట్ 2024-25లో తీసుకున్నది కనుక, సరఫరాదారుకు 2025 సెప్టెంబర్ 30 వరకు, దుకాణదారునికి 2025 నవంబర్ 30 వరకు గడువు. ఆచరణలో అక్టోబర్ నెల 3బిని నవంబర్ 20న వేసేటప్పుడే ఈ పని ముగించుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తరువాత నవంబర్ 30లోగా వేయవలసిన నెలవారీ 3బి మరొకటి ఉండదు.

వెనక్కు తిప్పే మొత్తాన్ని 3బిలోని టేబుల్ 4(బి)(2)లో చూపాలి. 4(బి)(1)లో చూపితే అది శాశ్వతంగా వదులుకున్న క్రెడిట్ అవుతుంది. ఈ ఒక్క గడి తేడా వల్ల తరువాత తిరిగి తీసుకోవడం కష్టమవుతుంది కనుక, లెక్కలు చూసే అకౌంటెంట్‌కు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. 4(బి)(2)లో చూపిన మొత్తాలు పోర్టల్‌లోని `Electronic Credit Reversal and Re-claimed Statement`లో నమోదవుతాయి.

సరఫరాదారు ఆ తరువాత రిటర్న్ వేస్తే నా క్రెడిట్ తిరిగి వస్తుందా?

37ఏ కింద వెనక్కు తిప్పిన క్రెడిట్ తిరిగి వస్తుంది. సరఫరాదారు తన అక్టోబర్ 2024 నాటి 3బిని 2026 ఫిబ్రవరిలో వేశాడనుకుంటే, దుకాణదారు ఆ 36,000 రూపాయలను తన తరువాతి 3బిలో టేబుల్ 4(ఏ)(5)లో తిరిగి తీసుకుని, అదే మొత్తాన్ని 4(డి)(1)లో చూపాలి. తిరిగి తీసుకునేందుకు రూల్ 37ఏ ఏ చివరి తేదీనీ పెట్టలేదు.

27,000 రూపాయల కథ ఇలా ఉండదు. సెక్షన్ 16(4) ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లుపై మొదటిసారి క్రెడిట్ తీసుకునేందుకు తరువాతి నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ దాఖలు చేసిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అది చివరి తేదీ. సరఫరాదారు తన నవంబర్ 2024 జీఎస్టీఆర్-1ను, 3బిని కూడా 2026 ఫిబ్రవరిలోనే వేస్తే, ఆ బిల్లు దుకాణదారుని 2బిలో కనిపించినా, క్రెడిట్ అందుబాటులో లేని భాగంలో కనిపిస్తుంది. సరఫరాదారు పన్ను కట్టాడు, కొనుగోలుదారు పన్ను కట్టాడు, ఖజానాకు డబ్బు చేరింది. అయినా క్రెడిట్ లేదు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించే చోటు ఇదే.

అందుకే 2బిలో కనిపించని బిల్లుల విషయంలో సరఫరాదారుపై ఒత్తిడి తెచ్చే పని నవంబర్ 30కి ఎంతో ముందే, వీలైతే ఆ ఆర్థిక సంవత్సరం ముగియకముందే జరగాలి. అలాగే వార్షిక రిటర్న్ వేయవలసిన వ్యాపారులు అలాంటి బిల్లులు మిగిలి ఉండగా దాన్ని తొందరపడి ముందే దాఖలు చేయకూడదు. చేస్తే గడువును తామే కుదించుకున్నట్టవుతుంది.

2బిలో లేకపోయినా నా దగ్గర బిల్లు ఉంది కదా, 3బిలో క్రెడిట్ రాసుకోవచ్చా?

2022 జనవరి 1 తరువాతి బిల్లులకు ఇది చేయకూడదు. అంతకుముందు రూల్ 36(4) కింద కొంత వెసులుబాటు ఉండేది: 2019 అక్టోబర్‌లో 20 శాతంతో మొదలై, తరువాత 10 శాతానికి, 5 శాతానికి తగ్గి, చివరకు పూర్తిగా పోయింది. ఇప్పుడు 2బికి మించి క్రెడిట్ తీసుకుంటే, తేడా నిర్ణీత పరిమితిని దాటినప్పుడు రూల్ 88డి కింద డీఆర్‌సీ-01సి అనే సమాచార పత్రం పోర్టల్‌లో వస్తుంది. ఏడు రోజుల్లో తేడాను వడ్డీతో చెల్లించడమో, కారణం చెప్పడమో చేయాలి. రెండూ చేయకపోతే మీ తరువాతి జీఎస్టీఆర్-1 ఆగిపోతుంది. అది ఆగితే మీ దగ్గర కొన్నవారి క్రెడిట్ కూడా ఆగిపోతుంది. ఒకరి ఎగవేత ఇలా మరొకరి మెడకు చుట్టుకుంటుంది.

సరఫరాదారు నిజంగా రిటర్న్ వేయలేదని ఎలా నిర్ధారించుకోవాలి?

లాగిన్ అవసరం లేకుండానే `gst.gov.in`లో `Search Taxpayer` కింద `Search by GSTIN/UIN` తెరిచి, సరఫరాదారు జీఎస్టీ నంబరు ఇచ్చి, `Show Filing Table` నొక్కితే అతడు ఏ నెల జీఎస్టీఆర్-1, ఏ నెల 3బి ఏ తేదీన దాఖలు చేశాడో కనిపిస్తుంది. మీ సొంత లాగిన్‌లో, ఎప్పటికప్పుడు మారే జీఎస్టీఆర్-2ఏ పట్టికలో కూడా ప్రతి సరఫరాదారు పక్కన 3బి స్థితి ఉంటుంది. 2బి ప్రతి నెలా ఒకసారి తయారై స్థిరంగా ఉంటుంది కాబట్టి, సరఫరాదారు ఆలస్యంగా వేసిన రిటర్న్ సంగతి 2ఏలోనే ముందుగా తెలుస్తుంది.

ఎగవేతదారు అని నిర్ణయానికి వచ్చే ముందు ఒక విషయం చూసుకోండి. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయల లోపు ఉన్నవారు మూడు నెలలకు ఒకసారి రిటర్న్ వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు. అలాంటివారు మొదటి రెండు నెలల బిల్లులను ఐఎఫ్ఎఫ్ అనే ఐచ్ఛిక సౌకర్యం ద్వారా 13వ తేదీలోగా ఎక్కించకపోతే, అక్టోబర్ బిల్లు మీకు జనవరి 14 నాటి 2బిలోనే కనిపిస్తుంది. అది ఎగవేత కాదు, ఆలస్యం మాత్రమే. చిన్న సరఫరాదారులతో వ్యవహరించేటప్పుడు, ఐఎఫ్ఎఫ్‌లో బిల్లు ఎక్కించమని కొనుగోలు సమయంలోనే అడగడం మేలు.

వడ్డీ ఎంత పడుతుంది?

నవంబర్ 30లోగా వెనక్కు తిప్పకపోతే ఆ మొత్తాన్ని సెక్షన్ 50 కింద వడ్డీతో చెల్లించాలని రూల్ 37ఏ చెబుతోంది. ఈ వడ్డీ ఏడాదికి 18 శాతం. మన ఉదాహరణలోని 36,000 రూపాయలపై ఏడాదికి 6,480 రూపాయలు, నెలకు 540 రూపాయలు అవుతుంది. తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకున్నప్పుడే వడ్డీ అని సెక్షన్ 50(3), రూల్ 88బి చెబుతున్నాయి. మీ క్రెడిట్ లెడ్జరులో నిల్వ ఎప్పుడూ ఆ మొత్తం కన్నా తగ్గకుండా ఉంటే, క్రెడిట్ వాడుకున్నట్టు కాదు. నోటీసులో వడ్డీ లెక్క కనిపిస్తే, దాన్ని ఒప్పుకునే ముందు లెడ్జరు నిల్వను నెలనెలా సరిచూసుకోండి.

పన్ను మొత్తం నా లాభం కన్నా ఎక్కువైతే నేను ఎలా తట్టుకోవాలి?

తట్టుకోవడం కష్టమే. కరీంనగర్ దుకాణదారు ఆ 2,00,000 రూపాయల సరుకును 2,30,000 రూపాయలకు అమ్మితే, తన కొనుగోలుదారుల నుంచి 41,400 రూపాయల జీఎస్టీ వసూలు చేస్తాడు. క్రెడిట్ ఉంటే ఖజానాకు 5,400 రూపాయలు కడితే సరిపోతుంది. క్రెడిట్ లేకపోతే 41,400 రూపాయలూ నగదుగా కట్టాలి. అంటే 30,000 రూపాయల లాభం వచ్చిన చోట 36,000 రూపాయలు అదనంగా పోతున్నాయి. దుకాణం అద్దె, పనివారి జీతాలు ఇందులో ఇంకా లెక్కలోకే రాలేదు. అందుకే ఈ సమస్యకు నోటీసు వచ్చాక వెతికే పరిష్కారం కన్నా, చెల్లింపు సమయంలో తీసుకునే జాగ్రత్తే ఎక్కువ పని చేస్తుంది.

ఆ జాగ్రత్త ఏమిటి? జీఎస్టీ మొత్తాన్ని ఆపి ఉంచవచ్చా?

కొత్త సరఫరాదారుతోనూ, రిటర్నులు సరిగ్గా వేయని పాత సరఫరాదారుతోనూ, సరుకు ధరను వెంటనే చెల్లించి, పన్ను మొత్తాన్ని మాత్రం బిల్లు 2బిలో కనిపించిన తరువాత చెల్లిస్తానని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు. కొనుగోలు ఆర్డరు మీద రెండు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. అక్టోబర్ 8 నాటి బిల్లుకు నవంబర్ 14న 2బి వస్తుంది కాబట్టి, ఇది సరఫరాదారుకు నెలకు కొంచెం మించిన ఎదురుచూపు మాత్రమే. అయితే 2బిలో కనిపించడం వల్ల జీఎస్టీఆర్-1 సంగతి మాత్రమే తెలుస్తుంది. కాబట్టి మొత్తం పెద్దదైతే, సరఫరాదారు 3బి కూడా దాఖలైనట్టు `Show Filing Table`లో చూసిన తరువాతే చెల్లించండి.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సరఫరాదారుకు పన్నుతో కలిపి పూర్తిగా చెల్లించాలని సెక్షన్ 16(2)లోని రెండవ నిబంధన చెబుతోంది. చెల్లించని మేరకు క్రెడిట్‌ను వెనక్కు ఇవ్వాలి. చెల్లించిన తరువాత మళ్లీ తీసుకోవచ్చు. అందువల్ల ఆపి ఉంచిన పన్ను మొత్తాన్ని ఏ తేదీ వరకు ఆపవచ్చో బిల్లు మీదే రాసి పెట్టుకోవడం మంచిది.

టోకు వ్యాపారి బలవంతుడై, చిన్న దుకాణదారు మాట చెల్లని చోట ఈ ఒప్పందం కుదరకపోవచ్చని నాకు తెలుసు. అప్పుడు కనీసం గత ఆరు నెలల దాఖలు పట్టికను చూసి, మధ్యలో ఖాళీలు ఉన్న వ్యాపారి దగ్గర ఒకేసారి పెద్ద మొత్తంలో కొనకుండా ఉండటమే మిగిలిన మార్గం.

నాకు నోటీసు వచ్చింది. జవాబులో ఏమేమి జతచేయాలి?

ముందుగా నోటీసు ఏ రకమైనదో చూడండి. రిటర్న్ పరిశీలనలో తేడా కనిపిస్తే ఏఎస్ఎమ్‌టీ-10 వస్తుంది, దానికి ఏఎస్ఎమ్‌టీ-11లో జవాబు ఇవ్వాలి. డీఆర్‌సీ-01 వస్తే అది షోకాజ్ నోటీసు, దానికి డీఆర్‌సీ-06లో జవాబు ఇవ్వాలి. 2023-24 వరకు సెక్షన్ 73 లేదా 74, 2024-25 నుంచి సెక్షన్ 74ఏ వర్తిస్తాయి. చాలా నోటీసులు పోర్టల్‌లో `View Additional Notices/Orders` అనే చోట ఉండిపోతాయి. అక్కడ చూడకపోవడం వల్ల జవాబు లేకుండానే ఉత్తర్వు వెలువడిన సందర్భాలు తరచుగా కోర్టుల ముందుకు వస్తున్నాయి. నెలకు ఒకసారైనా ఆ పేజీని మీరే స్వయంగా తెరిచి చూడండి.

జవాబులో ప్రధానంగా రుజువు చేయవలసింది, లావాదేవీ నిజమైనదనీ, సరుకు నిజంగా మీ దుకాణానికి చేరిందనీ. కర్ణాటక వ్యాట్ చట్టానికి సంబంధించిన ఈకామ్ గిల్ కాఫీ ట్రేడింగ్ కేసులో, బిల్లూ చెక్కు చెల్లింపూ మాత్రమే చూపితే చాలదనీ, సరుకు తెచ్చిన వాహనం వివరాలు, రవాణా ఖర్చు చెల్లింపు, సరుకు అందినట్టు రసీదు వంటివి చూపవలసిన బాధ్యత కొనుగోలుదారుదేననీ సుప్రీంకోర్టు 2023 మార్చిలో చెప్పింది. కాబట్టి ఇన్వాయిస్‌తో పాటు ఈ-వే బిల్లు, లారీ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, స్టాకు రిజిస్టరు, ఆ సరుకును మీరు తిరిగి అమ్మిన బిల్లులు, కొన్న తేదీన సరఫరాదారు రిజిస్ట్రేషన్ అమలులో ఉన్నట్టు చూపే పేజీ, రిటర్న్ వేయమని మీరు అతనికి రాసిన ఉత్తరాలు జతచేయండి. ఈ కాగితాలను కొన్ననాడే ఒక ఫైల్లో పెట్టుకోవాలి, ఎందుకంటే 2024-25కు సంబంధించిన సెక్షన్ 74ఏ నోటీసు 2029 జూన్ వరకు రావచ్చు; అంతకాలం తరువాత లారీ రసీదు వెతికితే దొరకదు.

మోసం ఆరోపణ లేని సందర్భంలో, సెక్షన్ 74ఏ కింద నోటీసు వచ్చిన 60 రోజుల్లోగా పన్నును వడ్డీతో కడితే జరిమానా ఉండదు. పోరాడదలచుకుంటే, ఉత్తర్వు అందిన మూడు నెలల్లోగా సెక్షన్ 107 కింద అప్పీలు వేయాలి. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం, అంటే మన ఉదాహరణలో 3,600 రూపాయలు ముందుగా కట్టాలి. తగిన కారణం చూపితే అప్పీలు అధికారి మరో నెల మాత్రమే ఆలస్యాన్ని మన్నించగలరు.

కోర్టులు కొనుగోలుదారుల పక్షాన ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. 2021 ఫిబ్రవరిలో డీవై బెతెల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో మద్రాసు హైకోర్టు, అమ్మినవారిని విచారించకుండా, వారి మీద చర్య తీసుకోకుండా కొనుగోలుదారుల మీదకే వెళ్లడం సరికాదని చెప్పి ఉత్తర్వులను కొట్టివేసింది. 2023 ఆగస్టులో సన్‌క్రాఫ్ట్ ఎనర్జీ కేసులో కలకత్తా హైకోర్టు, అసాధారణ పరిస్థితుల్లో తప్ప ముందుగా సరఫరాదారుపై చర్య తీసుకోవాలని చెప్పింది. 2018 మే 4 నాటి పత్రికా ప్రకటనలో జీఎస్టీ కౌన్సిల్ చెప్పిన మాటనే ఆ తీర్పు ఆధారం చేసుకుంది: అమ్మకందారు పన్ను కట్టనంత మాత్రాన కొనుగోలుదారు క్రెడిట్ దానంతట అది రద్దు కాదు, వసూలు అమ్మకందారు నుంచే జరగాలి, అమ్మకందారు జాడ లేకపోవడం, వ్యాపారం మూసివేయడం, ఆస్తులు చాలకపోవడం వంటి సందర్భాల్లో మాత్రం కొనుగోలుదారు నుంచి వసూలు చేయవచ్చు.

సన్‌క్రాఫ్ట్ తీర్పుపై ప్రభుత్వం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో కొట్టివేసింది. దీన్ని సుప్రీంకోర్టు ఇచ్చిన తుది తీర్పుగా చాలామంది చూపుతున్నారు, కానీ అది అంత బలమైనది కాదు. వివాదంలోని మొత్తం తక్కువగా ఉందన్న కారణంతో జోక్యం చేసుకోలేదు తప్ప, చట్టంలోని ప్రశ్నను కోర్టు తేల్చలేదు. 2025 అక్టోబర్‌లో శాంతి కిరణ్ కేసులో నిజాయితీగల కొనుగోలుదారులకు అనుకూలంగా వచ్చిన సుప్రీంకోర్టు నిర్ణయం ఢిల్లీ వ్యాట్ చట్టానికి సంబంధించినది.

మరోవైపు, ఆస్థా ఎంటర్‌ప్రైజెస్ కేసులో పాట్నా హైకోర్టు, పన్ను ఖజానాకు చేరనప్పుడు క్రెడిట్ అడగలేరనీ, కొనుగోలుదారు ఆ డబ్బును అమ్మకందారు నుంచే రాబట్టుకోవాలనీ చెప్పింది. 2024 జూన్‌లో ఎం. ట్రేడ్ లింక్స్ కేసులో కేరళ హైకోర్టు 16(2)(సి), 16(4) రెండూ చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023 జూలైలో తిరుమలకొండ ప్లైవుడ్స్ కేసులో 16(4) గడువును సమర్థించింది. ఆ కేసులో ఆలస్యం కొనుగోలుదారుదే అయినా, నవంబర్ 30 గడువు దాటినా సర్దుబాటు ఉంటుందని ఆశించేవారు దాన్ని గుర్తుంచుకోవాలి. మద్రాసు, కలకత్తా తీర్పులు తెలుగు రాష్ట్రాల అధికారులను కట్టిపడేయవు. జవాబులో వాదనకు బలం మాత్రమే ఇస్తాయి. సరఫరాదారు ఇంకా వ్యాపారంలో ఉండి, అధికారులు అతనిపై ఏ చర్యా తీసుకోని సందర్భంలో ఆ వాదన గట్టిగా నిలుస్తుంది. అతడు దుకాణం మూసి వెళ్లిపోయి ఉంటే అంత గట్టిగా నిలవదు.

2017-18, 2018-19 వంటి పాత సంవత్సరాలకు నోటీసు వస్తే ఏదైనా సడలింపు ఉందా?

2022 డిసెంబర్ 27న వచ్చిన 183వ సర్క్యులర్ ఆ రెండు సంవత్సరాలకు ఒక మార్గం చూపింది. సరఫరాదారు 3బి వేసి పన్ను కట్టి, జీఎస్టీఆర్-1లో మాత్రం మీ బిల్లును చూపకపోతే, పన్ను చెల్లించినట్టు ధృవపత్రం తెచ్చుకోవచ్చు. ఒక సరఫరాదారుకు సంబంధించిన తేడా ఏడాదికి 5 లక్షల రూపాయలలోపు ఉంటే సరఫరాదారు ఇచ్చే పత్రం చాలు, అంతకు మించితే చార్టర్డ్ లేదా కాస్ట్ అకౌంటెంట్ ధృవపత్రం కావాలి. 2021 డిసెంబర్ వరకు ఉన్న కాలానికి, 36(4) పరిమితులకు లోబడి, 2023 జూలైలో వచ్చిన 193వ సర్క్యులర్ దీన్ని పొడిగించింది. సరఫరాదారు అసలు పన్నే కట్టని సందర్భంలో ఈ సర్క్యులర్లు ఉపయోగపడవు.

సరఫరాదారుపై నేను ఏ చర్య తీసుకోగలను?

మొదట బిల్లు నంబర్లు, తేదీలు, పన్ను మొత్తాలు రాసి, ఫలానా తేదీలోగా రిటర్న్ వేయమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా అది తరువాత రుజువుగా నిలవదు. ఆ తరువాత, పోర్టల్‌లో సరఫరాదారు వివరాల పేజీలో కనిపించే అతని పరిధి అధికారికి, ఉత్తరం నకలు జతచేసి ఫిర్యాదు చేయండి. రిటర్న్ వేయనివారికి ఆ అధికారి జీఎస్టీఆర్-3ఏ నోటీసు ఇవ్వవచ్చు. 15 రోజుల్లో స్పందన లేకపోతే సెక్షన్ 62 కింద తన అంచనా ప్రకారం పన్ను విధించవచ్చు. మీ ఫిర్యాదు వల్ల వెంటనే డబ్బు రాకపోయినా, మీకు నోటీసు వచ్చినప్పుడు సన్‌క్రాఫ్ట్ తరహా వాదనకు అది ఆధారంగా పనికివస్తుంది.

అతనికి మీరు ఇంకా చెల్లించవలసిన పాత బాకీ ఏదైనా ఉంటే, అందులో నుంచి పన్ను మొత్తాన్ని మినహాయించుకుంటున్నట్టు ఉత్తరంలోనే తెలియజేయండి. అలా మినహాయించుకునే అవకాశం లేకపోతే లాయర్ నోటీసు, సివిల్ దావా మిగులుతాయి. డబ్బు రాబట్టే దావాకు సాధారణ గడువు మూడేళ్లు. 27,000 రూపాయల కోసం దావా వేస్తే ఖర్చు, సమయం రెండూ మించిపోవచ్చు. అయితే అదే వ్యాపారి వల్ల నష్టపోయిన దుకాణదారులు సాధారణంగా ఒక్కరే ఉండరు. వర్తక సంఘం తరఫున అందరూ కలిసి లాయర్ నోటీసు పంపితే ఖర్చు పంచుకోవచ్చు.

ఇదంతా ఎక్కువ కాలం వాయిదా వేయకూడదనడానికి మరో కారణం ఉంది. గడువు తేదీ నుంచి మూడేళ్లు దాటిన రిటర్నులను దాఖలు చేయనివ్వకుండా పోర్టల్ ఇప్పుడు అడ్డుకుంటోంది. మన ఉదాహరణలోని టోకు వ్యాపారి అక్టోబర్ 2024 నాటి 3బిని 2027 నవంబర్ 20 తరువాత వేయాలనుకున్నా వేయలేడు. అప్పుడు వెనక్కు తిప్పిన 36,000 రూపాయలను రూల్ 37ఏ కింద తిరిగి పొందే మార్గం కూడా మూసుకుపోతుంది.